P0171 వస్తే ఆక్సిజన్ సెన్సర్ మార్చేయాలా? స్కానర్‌లో ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది

ప్రశ్న: కారులో చెక్ ఇంజన్ లైట్ వెలిగింది. చిన్న ఓబీడీ స్కానర్ కొని పెట్టి చూస్తే P0171 అని ఒక కోడ్ వచ్చింది, పక్కన "System Too Lean Bank 1" అని ఉంది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఆక్సిజన్ సెన్సర్ పోయింది, మార్చేద్దాం అన్నాడు. బండి మాత్రం మామూలుగానే నడుస్తోంది. సెన్సర్ మార్పించనా, లేక కోడ్ డిలీట్ చేసి మళ్ళీ వస్తుందేమో చూడనా?

సమాధానం:

ప్రస్తుతానికి రెండూ వద్దండి. సెన్సర్ మార్చకండి, కోడ్ కూడా చెరపకండి. ఆ కోడ్‌తో పాటు కంప్యూటర్ ఇంకొంత సమాచారం దాచి పెట్టుకుని ఉంటుంది. డిలీట్ నొక్కితే అదీ పోతుంది. మీ కారులో అసలు తప్పు ఎక్కడుందో చెప్పగలిగేది ఆ సమాచారమే.

P0171 అంటే ఏ పార్టూ పోయిందని కాదు. ఇంజన్‌లోకి వెళ్తున్న గాలికి తగినంత పెట్రోల్ అందడం లేదని కంప్యూటర్ గమనించింది, తనకు వీలైనంత పెట్రోల్ కలుపుతూ పోయింది, చివరికి ఇక కలపడానికి హద్దు దాటిపోయిందని లైటు వెలిగించింది. ఈ కోడ్ చెప్పేది అంతవరకే. గాలి ఎక్కువైందా, పెట్రోల్ తక్కువైందా, లేక గాలిని కొలిచే సెన్సర్ తప్పు లెక్క చెప్పిందా అన్నది కోడ్‌లో ఉండదు. మిశ్రమం లీన్‌గా, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేకుండా ఉందన్న సంగతిని కంప్యూటర్‌కి చేరవేసింది మీ ఆక్సిజన్ సెన్సరే. చాలా సందర్భాల్లో అది తన పని సరిగ్గా చేసినందువల్లే ఈ కోడ్ వస్తుంది. దాన్ని మారిస్తే కొత్త సెన్సర్ కూడా అదే మాట చెబుతుంది.

ముందు ఒక విషయం చూసుకోండి. లైటు నిలకడగా వెలుగుతోందా, ఆరి ఆరి వెలుగుతోందా? నిలకడగా ఉండి, ఇంజన్ నునుపుగా తిరుగుతూ, టెంపరేచర్, ఆయిల్ లైట్లు ఏవీ లేకపోతే టెన్షన్ పడక్కర్లేదు. నాలుగు రోజులు నిదానంగా చూసుకోవచ్చు. ఆరి ఆరి వెలుగుతుంటే మాత్రం సంగతి వేరు. ఇంజన్ గట్టిగా మిస్సింగ్ కొడుతోంది, కాలని పెట్రోల్ సైలెన్సర్ లైన్లోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేసే స్థాయిలో ఉంది అని దాని అర్థం. అప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, వీలైనంత త్వరగా బండి పక్కన ఆపడం మంచిది. బండి మామూలుగా నడుస్తోందన్నారు కాబట్టి మీది మొదటి రకం అనుకుంటున్నాను.

ఇక స్కానర్ సంగతి. స్టీరింగ్ కింద డ్యాష్‌బోర్డు అడుగున 16 పిన్నుల సాకెట్‌లో దాన్ని పెట్టే ఉంటారు. స్కానర్ అసలు వెలగకపోతే ముందు ఫ్యూజులు చూడండి. చాలా కార్లలో ఆ సాకెట్‌కి, ఛార్జర్ పెట్టుకునే 12 వోల్టుల సాకెట్‌కి ఒకటే ఫ్యూజు ఉంటుంది. వెలిగినా కారుతో కలవకపోతే కీ సరిగ్గా ఆన్‌లో ఉందా లేదా చూడండి. డ్యాష్‌బోర్డు లైట్లన్నీ వెలగాలి, ఇంజన్ మాత్రం స్టార్ట్ చేయకూడదు. కోడ్లు చదవడానికి ఆ స్థితి చాలు.

మెనూలో "Read Codes" కింద సాధారణంగా రెండు మూడు రకాలు కనిపిస్తాయి. "Stored" అంటే నిర్ధారణ అయి లైటు వెలిగించిన కోడ్. "Pending" అంటే ఒకసారి కనిపించి, ఇంకా నిర్ధారణ కాని కోడ్. P0171 లాంటి కోడ్‌ను కంప్యూటర్ మొదటిసారి చూడగానే లైటు వెలిగించదు. మళ్ళీ ఇంకో ప్రయాణంలో కూడా అదే కనిపించాకే వెలిగిస్తుంది. అంటే మీ లైటు వెలిగిందంటే తప్పు ఏదో ఒక్క క్షణం వచ్చి పోయింది కాదు. కొన్ని కార్లలో "Permanent" అని ఇంకో రకం కూడా ఉంటుంది. అవి స్కానర్‌తో డిలీట్ చేసినా పోవు. తప్పు నిజంగా సరైందని కంప్యూటర్ స్వయంగా తేల్చుకున్నాకే చెరిపేస్తుంది. మూడింటిలో ఏముందో చూసి, తెరను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. మీరు ఒక్క కోడే వచ్చిందన్నారు కానీ "Pending"లో ఇంకోటి ఉందేమో చూడటం అవసరం.

ఇప్పుడు చాలామంది తెరవని మెనూకి వద్దాం. "Freeze Frame" అని ఉంటుంది. కోడ్ నమోదైన ఆ క్షణాన ఇంజన్ ఏ పరిస్థితిలో ఉందో కంప్యూటర్ తీసి పెట్టుకున్న అంకెలు అవి. మీలాగే P0171 వచ్చి, ఆక్సిజన్ సెన్సర్ మార్చడానికి సిద్ధపడ్డ ఒక కారులో అవి ఇలా ఉన్నాయి:

```
DTC         P0171
FUELSYS1    CL
LOAD_PCT    22.0
ECT (°C)    91
STFT B1 (%) 9.4
LTFT B1 (%) 19.5
RPM         760
VSS (km/h)  0
```

ఒక్కో వరుసా చదువుదాం. వేగం సున్నా, ఆర్‌పీఎం 760. అంటే బండి ఆగి ఐడిలింగ్‌లో ఉంది, సిగ్నల్ దగ్గరో ఇంటి ముందో. కూలెంట్ 91 డిగ్రీలు కాబట్టి ఇంజన్ పూర్తిగా వేడెక్కింది, చలికి వచ్చిన గొడవ కాదు. "CL" అంటే ఆక్సిజన్ సెన్సర్ చెప్పేదాన్ని బట్టి కంప్యూటర్ పెట్రోల్‌ని సర్దుకుంటోందని. లోడ్ 22 శాతం, ఐడిలింగ్‌లో అది మామూలే. మిగిలిన రెండు అంకెలు, అంటే ఎస్‌టీఎఫ్‌టీ, ఎల్‌టీఎఫ్‌టీ, ఈ కథకి ప్రాణం. వాటి గురించి కాస్త నిదానంగా చెబుతాను, ఇది అర్థమైతే మిగతా అంతా సులువు.

లోపలికి వచ్చే గాలిని కొలిచి, దానికి ఇంత పెట్రోల్ కావాలని కంప్యూటర్ ముందుగా ఒక లెక్క వేసుకుంటుంది. మండిన తర్వాత సైలెన్సర్ లైన్లో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ ఆ లెక్క సరిపోయిందో లేదో చెబుతుంది. సరిపోలేదంటే లెక్క మీద ఇంకొంత పెట్రోల్ కలుపుతుంది, ఎక్కువైందంటే తగ్గిస్తుంది. ఆ సర్దుబాటునే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. ప్లస్ అంకె ఉంటే కలుపుతోందని, మైనస్ ఉంటే తగ్గిస్తోందని. షార్ట్ టర్మ్ ట్రిమ్ అప్పటికప్పుడు చేసేది, అందుకే తెర మీద అది అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. అలా సర్దడం ఎప్పుడూ ఒకే వైపు జరుగుతుంటే, ఈ బండికి ఇంతే కావాలి కాబోలు అని కంప్యూటర్ దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. అది లాంగ్ టర్మ్ ట్రిమ్. ఇంజన్ ఆపినా అది జ్ఞాపకం ఉంటుంది.

ఈ రెండింటినీ కూడి చూడాలి, విడివిడిగా కాదు. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో మొత్తం సున్నాకి అటూ ఇటూ 5 శాతం లోపు ఉంటుంది. వయసు మీద పడిన బండిలో 10 దాకా ఉన్నా నేను పెద్దగా పట్టించుకోను. పైన చెప్పిన కారులో 9.4, 19.5 కలిపితే దాదాపు 29 శాతం. అంటే తను వేసుకున్న లెక్క మీద కంప్యూటర్ మూడో వంతుకు కాస్త తక్కువ పెట్రోల్ అదనంగా పోస్తోంది. కారుని బట్టి మారినా, మొత్తం పాతిక శాతం చుట్టుపక్కల చేరితే P0171 నమోదవడం సహజం. నడిపేవాళ్ళకి మాత్రం బండి మామూలుగానే అనిపిస్తుంది, ఎందుకంటే ఆ లోటుని కంప్యూటర్ పూడుస్తూనే ఉంది. మీ బండి బాగానే నడవడానికి కారణం కూడా ఇదే అయి ఉంటుంది.

ఫ్రీజ్ ఫ్రేమ్ చెప్పింది ఐడిలింగ్‌లో లోటు ఉందని. వేగం పెరిగితే ఆ లోటు అలాగే ఉంటుందా, తగ్గుతుందా, పెరుగుతుందా అన్నది తర్వాత తెలియాలి. దానికి బండి స్టార్ట్ చేసి, పూర్తిగా వేడెక్కనిచ్చి, ఏసీ ఆపేసి, "Live Data" తెరవాలి. ఆర్‌పీఎం, రెండు ట్రిమ్‌లు, లోపలికి వెళ్ళే గాలి కొలత చూపించే `MAF` ఈ నాలుగే ఎంచుకోండి. చవక స్కానర్లలో అన్నీ ఒకేసారి పెడితే అంకెలు చాలా నెమ్మదిగా మారతాయి, చూసి ప్రయోజనం ఉండదు. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. ఐడిలింగ్‌లో రెండు నిమిషాలు చూసి అంకెలు రాసుకోండి. తర్వాత యాక్సిలరేటర్ నిదానంగా తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర కాలు కదలకుండా పట్టుకుని, ట్రిమ్‌లు కుదురుకునే దాకా ఒక నిమిషం ఆగి మళ్ళీ రాసుకోండి. ఊగే షార్ట్ టర్మ్ అంకెలో సుమారు మధ్య విలువ తీసుకుంటే చాలు.

ఆ కారులో ఐడిలింగ్‌లో మొత్తం 29 శాతం ఉన్నది 2500 దగ్గర 8 శాతానికి పడిపోయింది. ఇలా పడిపోయిందంటే, ఎక్కడో కొలతకి అందకుండా గాలి లోపలికి పోతోందని నూటికి తొంభై పాళ్ళు చెప్పేయొచ్చు. ఎందుకో చూడండి, లెక్క చిన్నదే. ఎయిర్ ఫిల్టర్ దాటగానే మాఫ్ సెన్సర్ ఉంటుంది, లోపలికి వెళ్ళే గాలిని అది సెకనుకి ఇన్ని గ్రాములని కొలుస్తుంది. ఆ కారులో ఐడిలింగ్‌లో అది 2.4 గ్రాములు చూపించింది. ఏదో పైపు పగిలి, ఆ సెన్సర్ని దాటేసి మరో 0.7 గ్రాముల గాలి దొంగతనంగా ఇంజన్‌లోకి చేరుతోందనుకుందాం. 2.4కి సరిపడా పెట్రోల్ లెక్కగట్టిన కంప్యూటర్, నిజానికి 3.1 గ్రాముల గాలికి పోయాలి. 0.7ని 2.4తో భాగిస్తే 29 శాతం. 2500 ఆర్‌పీఎం దగ్గర మాఫ్ 9 గ్రాములు చూపించింది. న్యూట్రల్‌లో ఆర్‌పీఎం పెంచినంత మాత్రాన ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఉండే పీల్చుడు పెద్దగా మారదు కాబట్టి, ఆ కంత లోంచి వచ్చే గాలి దాదాపు అంతే ఉంటుంది, అదే 0.7. దాన్ని 9తో భాగిస్తే 8 శాతం లోపే. కంత మారలేదు, దొంగగాలి మారలేదు, అసలు గాలి పెరిగేసరికి దాని వాటా చిన్నదైపోయింది. రెండు చోట్లా అంకెలు ఇంత చక్కగా ఒకే కంతకి సరిపోవడం చూశాక ఆక్సిజన్ సెన్సర్ గురించి ఆలోచించాల్సిన పనే లేకపోయింది.

దానికి ఉల్టాగా కూడా జరుగుతుంది. ఐడిలింగ్‌లో ట్రిమ్ బాగుండి, ఎత్తు ఎక్కుతున్నప్పుడో, గట్టిగా తొక్కినప్పుడో పెరుగుతూ పోతే గాలి లీకు కాదు. అవసరం పెరిగినప్పుడు పెట్రోల్ అందడం లేదు, లేదా మాఫ్ సెన్సర్ మీద దుమ్ము పట్టి ఎక్కువ గాలిని తక్కువగా చూపిస్తోంది. ఇలాంటి కారులో ఫ్రీజ్ ఫ్రేమ్‌లోనే వేగం 70, 80 అనీ, లోడ్ ఎక్కువగా ఉన్నట్టూ కనిపిస్తుంది. ఈ రెండింటిని విడదీయడానికి ఖాళీ రోడ్డు మీద, పక్కన కూర్చున్నవాళ్ళు తెర చూస్తుండగా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి లోడ్ శాతం ఎంత దాకా వెళ్తుందో చూడొచ్చు. టర్బో లేని పెట్రోల్ ఇంజన్‌లో అది 85, 90 దాటాలి. అంత తొక్కినా 70 దగ్గరే ఆగిపోతే మాఫ్ మీద అనుమానం బలపడుతుంది, ఎందుకంటే ఆ లోడ్ అంకె మాఫ్ చెప్పిన గాలి నుంచే వస్తుంది. లోడ్ బాగానే వెళ్ళి ట్రిమ్ మాత్రం పెరుగుతుంటే పెట్రోల్ పంపు, ఫిల్టర్ వైపు చూడాలి. అక్కడితో చిన్న స్కానర్ పని అయిపోయినట్టే. పెట్రోల్ ప్రెషర్‌ని గేజి పెట్టి కొలవాల్సిందే, చాలా కార్లలో ఆ అంకె స్కానర్‌కి కనిపించదు. నడిపేవాళ్ళే తెర చూడటం మాత్రం చేయొద్దు, రికార్డ్ చేసే సదుపాయం ఉంటే అది వాడి తర్వాత చూసుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. పైన చెప్పిందంతా మాఫ్ సెన్సర్ ఉన్న ఇంజన్‌కి. కొన్ని కార్లలో మాఫ్ ఉండదు, మానిఫోల్డ్‌లోని ప్రెషర్ చూసి గాలిని అంచనా వేసే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. లీకైన గాలి కూడా ఆ ప్రెషర్‌ని పెంచుతుంది కాబట్టి కంప్యూటర్ దాన్నీ లెక్కలోకి తీసుకుని పెట్రోల్ పోస్తుంది. అలాంటి ఇంజన్‌లో గాలి లీకు ఉంటే లీన్ కోడ్ కన్నా ముందు ఐడిలింగ్ ఆర్‌పీఎం పెరిగిపోవడం కనిపిస్తుంది. మీ స్కానర్‌లో `MAF` అంకె రాకుండా `MAP` మాత్రమే వస్తుంటే, ట్రిమ్ ఐడిలింగ్‌లో ఎక్కువ కదా, లీకే అని గట్టిగా అనుకోకండి. పెట్రోల్ అందడం, ఇంజెక్టర్లు, సైలెన్సర్ లైన్లో లీకు కూడా అంతే శ్రద్ధగా చూడాలి. గ్యాస్ కిట్ ఉన్న బండి అయితే పెట్రోల్ మీద ఒకసారి, గ్యాస్ మీద ఒకసారి విడిగా చూడాలి, లేకపోతే అంకెలు కలగాపులగమై ఏమీ తేలదు.

సరే, గాలి లీకని తేలితే కంత ఎక్కడుందో వెతకాలి. ఇంజన్ ఆపి, చల్లారాక, ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్ బాడీ దాకా వచ్చే లావు రబ్బరు గొట్టాన్ని చేత్తో వంచి ముడతల మధ్య పగుళ్ళు చూడండి. పై నుంచి చూస్తే బాగానే ఉంటుంది, అడుగు వైపు పగిలి ఉంటుంది. క్లిప్పులు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి, ముఖ్యంగా ఈమధ్యే ఎయిర్ ఫిల్టర్ మార్పించి ఉంటే. తర్వాత మానిఫోల్డ్‌కి తగిలే సన్న పైపులన్నీ, బ్రేక్ బూస్టర్‌కి వెళ్ళే పైపు కూడా. ఆయిల్ పోసే మూత, డిప్‌స్టిక్ సరిగ్గా కూర్చున్నాయా చూడండి. చాలామందికి ఇది నమ్మకం కలగదు కానీ, ఇంజన్ లోపలి ఆవిర్లని పీల్చుకునే పీసీవీ పైపు ద్వారా ఆ మూత దగ్గరి గాలి కూడా మానిఫోల్డ్‌కే చేరుతుంది. మూత వదులైతే మాఫ్‌కి తెలియని గాలి అలా వస్తుంది. సర్వీసింగ్ చేయించిన వారం లోపు P0171 వస్తే నేను మొదట చూసేవి ఈ రెండే, ఫిల్టర్ డబ్బా, ఆయిల్ మూత.

కంటికి కనిపించకపోతే స్కానర్‌నే వాడుకోవచ్చు. ఐడిలింగ్‌లో షార్ట్ టర్మ్ ట్రిమ్ చూస్తూ, ఒక్కో సన్న పైపునూ మానిఫోల్డ్‌కి దగ్గరగా, గుడ్డ చుట్టిన పట్టకారుతో కాసేపు నొక్కి పట్టుకోవాలి. పైపులు గట్టిపడి పెళుసుగా ఉంటే నొక్కొద్దు, విరిగిపోతాయి. చేతులు, దుస్తులు బెల్టులకి, ఫ్యానుకి దూరంగా ఉండాలి. ఆ కారులో పీసీవీ పైపుని నొక్కగానే షార్ట్ టర్మ్ అంకె 9 నుంచి సున్నాని దాటి మైనస్‌లోకి, కొన్ని క్షణాల్లోనే మైనస్ 15కి దిగిపోయింది. లాంగ్ టర్మ్ ఇంకా పాత లెక్క ప్రకారం పెట్రోల్ కలుపుతూనే ఉంది కదా, దొంగగాలి ఆగిపోయేసరికి పెట్రోల్ ఎక్కువైంది, దాన్ని తగ్గించడానికి షార్ట్ టర్మ్ అటు పరిగెత్తింది. తీసి చూస్తే ఆ పైపు వంపు తిరిగే చోట, వెనక వైపు, వేలి గోరంత పొడవున చీలి ఉంది. పీసీవీ పైపుని నొక్కినప్పుడు ట్రిమ్ తగ్గినంత మాత్రాన తప్పు పైపుదే అనుకోకుండా, ఆయిల్ మూత, డిప్‌స్టిక్ కూడా చూడమంటాను. అవి కారుతున్నా ఇదే కనిపిస్తుంది.

పైపుల మీద కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి ఆర్‌పీఎం మారుతుందేమో చూసే పద్ధతి చాలామంది చెబుతారు. అది పని చేస్తుంది, కానీ ఆ స్ప్రే పెట్రోల్ లాగే అంటుకుంటుంది, వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనే ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు చేయాల్సిన పని కాదని నా గట్టి అభిప్రాయం. గ్యారేజీలో పొగ మిషన్ ఉంటే, ఇన్‌టేక్‌లోకి పొగ వదిలి ఎక్కడి నుంచి బయటికి వస్తుందో చూస్తారు. అది అన్నిటికన్నా సురక్షితం, నమ్మదగింది.

మీ మెకానిక్ చెప్పిన ఆక్సిజన్ సెన్సర్ విషయం పూర్తిగా కొట్టిపారేయను. సెన్సర్ తప్పు చెప్పే అవకాశం ఉంది. కానీ దాని వైరింగ్‌లోనో, హీటర్‌లోనో తేడా వస్తే P0130 నుంచి P0135 దాకా దానికంటూ కోడ్లు ఉన్నాయి. అవేవీ లేకుండా P0171 ఒక్కటే ఉంటే దాన్ని మొదటి ముద్దాయిగా నిలబెట్టడానికి ఆధారం లేదు. దాన్ని పరీక్షించడం కూడా కష్టం కాదు. పాత తరహా సెన్సర్ అయితే లైవ్ డేటాలో దాని వోల్టేజీ 0.1 నుంచి 0.9 మధ్య పైకీ కిందకీ కొట్టుకుంటూ ఉంటుంది. ఒక్కసారి యాక్సిలరేటర్ గబుక్కున తొక్కితే వెంటనే 0.8 దాటి పైకి లేవాలి. లేచిందంటే పెట్రోల్ ఎక్కువైతే చెప్పగలుగుతోంది, దాని మాట నమ్మొచ్చు. అలా కాకుండా ఎప్పుడూ 0.1 దగ్గరే అతుక్కుని ఉంటే అప్పుడు సెన్సర్ని, దాని వైర్లని అనుమానించాలి. చాలా కొత్త కార్లలో ముందు వైపు వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉంటుంది, అది ఇలా ఊగదు, దానికి ఈ పరీక్ష వర్తించదు. సెన్సర్ ముందు సైలెన్సర్ లైన్లో చిన్న లీకు ఉన్నా బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్ లీన్ అని పొరబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయగానే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ జాయింటు దగ్గర టక్ టక్ మని చప్పుడు వస్తే అది చూసుకోండి.

"Pending"లో గానీ, రేపు గానీ ఇంకో కోడ్ కనిపిస్తే దేన్ని ముందు పట్టుకోవాలో కూడా చెబుతాను. P0171తో పాటు P0101, P0102 లాంటి మాఫ్ కోడ్ ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి, లీన్ కావడం దాని ఫలితం కావచ్చు. మిస్సింగ్ కోడ్ అయిన P0300 వస్తే మిశ్రమం మరీ పలచబడి మిస్సింగ్ వస్తోందేమో అని ముందు లీన్ సంగతే తేల్చాలి, ప్లగ్గులు, కాయిల్స్ మీద పడకూడదు. V ఆకారపు ఇంజన్ అయి P0174 కూడా ఉంటే రెండు వైపులా ఒకేసారి లీన్ అయిందన్నమాట, రెండిటికీ ఉమ్మడిగా ఉండే చోటే వెతకాలి. అంటే మాఫ్, పెట్రోల్ పంపు, థ్రాటిల్ ముందున్న గొట్టం. P తర్వాత 0 ఉన్న కోడ్ల అర్థాలు అన్ని కార్లకీ ఒకటే. P1తో మొదలైతే అది ఆ కంపెనీ సొంత కోడ్. స్కానర్‌లో చూపించే అర్థం నమ్మకుండా మీ కారు మోడల్‌కి అదేంటో చూడాలి.

మరమ్మతు అయ్యాకే డిలీట్ చేయండి. అప్పటికి ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో మీ దగ్గర ఉండాలి. "Erase Codes" నొక్కినప్పుడు కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది, "I/M Readiness"లో ఉన్న స్వీయ పరీక్షలన్నీ మళ్ళీ మొదటికి వస్తాయి, చాలా కార్లలో లాంగ్ టర్మ్ ట్రిమ్ కూడా సున్నా అవుతుంది. చాలా కార్లలో బ్యాటరీ తీసి పెట్టినా ఇదే జరుగుతుంది. అందుకే డిలీట్ చేసిన వెంటనే ట్రిమ్ సున్నా చూపిస్తే పని అయిపోయిందని సంబరపడకండి, అది ఇంకా ఏమీ నేర్చుకోలేదు. కాసేపు బండి నడిపి, మళ్ళీ వేడి ఇంజన్‌తో ఐడిలింగ్‌లో, 2500 దగ్గర చూడాలి. ఆ కారులో పైపు మార్చి, కొంత తిరిగాక రెండు చోట్లా మొత్తం 3, 4 శాతం దగ్గరే కుదురుకుంది.

డిలీట్ చేయకుండా వదిలేసినా లైటు దానంతట అదే ఆరిపోతుంది, వరుసగా మూడు ప్రయాణాల్లో తప్పు కనిపించకపోతే. కానీ ట్రిమ్ కోడ్ల విషయంలో కంప్యూటర్ ఒక షరతు పెడుతుంది. తప్పు నమోదైనప్పటి ఆర్‌పీఎం, లోడ్, ఇంజన్ వేడి లాంటి పరిస్థితి మళ్ళీ వచ్చి, అప్పుడు కూడా బాగుంటేనే అది లెక్కలోకి వస్తుంది. మీ ఫ్రీజ్ ఫ్రేమ్ ఐడిలింగ్‌ది అయితే ఎంతసేపు హైవే మీద తిరిగినా లాభం లేదు. వేడెక్కిన ఇంజన్‌తో కొన్ని నిమిషాలు ఆగి ఉన్నప్పుడే ఆ పరీక్ష జరుగుతుంది. ఆ రెండు మూడు రోజులు "Pending" చూస్తూ ఉండండి, తప్పు తిరిగి వస్తే లైటు కన్నా ముందు అక్కడే కనబడుతుంది.

మీ ఫ్రీజ్ ఫ్రేమ్ వరుసలు, ఐడిలింగ్‌లో, 2500 దగ్గర వచ్చిన రెండు ట్రిమ్‌లు, స్కానర్‌లో `MAF` వస్తోందో `MAP` వస్తోందో ఇక్కడ రాయండి. ఈమధ్య సర్వీసింగ్ గానీ, ఎయిర్ ఫిల్టర్ మార్చడం గానీ జరిగితే అదీ చెప్పండి. నూనె పూసి వాడే రకం ఫిల్టర్ వేయించి ఉంటే తప్పకుండా చెప్పండి, ఆ నూనె మాఫ్ తీగ మీద చేరడం మామూలే. అప్పుడు మాఫ్ కోసమే అమ్మే స్ప్రేతో, తీగని ముట్టుకోకుండా శుభ్రం చేసి చూడటంతో మొదలుపెట్టవచ్చు.